ఎల్లుండి టికెట్ అడిగితే రేపటిది రద్దయింది

2025 మార్చి 12, తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు. బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్‌లో హైదరాబాద్ ప్రయాణికుడొకరు "ఎల్లుండి బెజవాడ టికెట్ క్యాన్సిల్ చెయ్యండి" అని టైపు చేశారు. పది పన్నెండు సెకన్లలో జవాబొచ్చింది: "మీ ఎల్లుండి విజయవాడ టికెట్ రద్దు చేశాం. డబ్బు మీ ఖాతాలో జమవుతుంది." ఆయన నిశ్చింతగా పడుకున్నారు. 13వ తేదీ రాత్రి ఆయన అమ్మానాన్నలు మియాపూర్‌లో బస్సెక్కబోతే చార్టులో పేర్లు లేవు. ఆయన వద్దనుకున్నది 14న తాను వెళ్లాల్సిన ఒక్క సీటు. రద్దయింది 13న పెద్దవాళ్లు వెళ్లాల్సిన రెండు సీట్లు.

ఇది ఫలానా కంపెనీలో జరిగిన సంగతి కాదు, విషయం చెప్పడానికి అల్లుకున్న ఉదాహరణ. ఇందులో ఉన్న తప్పు మాత్రం ఇండియాలో సర్వర్లు నడిపేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యేదే. అదేమిటో ఇప్పుడే చెప్పేస్తే పనిలేదు. ఎలా పట్టుకుంటారన్నదే ఈ వ్యాసం.

పొద్దున్నే ఫిర్యాదు అందుకున్న టెక్నికల్ టీమ్ ముందుగా చూసేది సర్వర్ లాగ్. అందులో ఏముంటుంది? ఫలానా సమయానికి బుకింగ్ సర్వీసుకు పిలుపు వెళ్లింది, 200 అని జవాబొచ్చింది. క్యాన్సిలేషన్ సర్వీసుకు పిలుపు వెళ్లింది, 200 అని జవాబొచ్చింది. వెబ్ ప్రపంచంలో 200 అంటే 'అంతా సవ్యం' అని. ఎక్కడా ఎర్ర గీత లేదు. ఎక్కడా ఎర్రర్ లేదు. కంప్యూటర్ల లెక్కలో ఆ రాత్రి ఏ తప్పూ జరగలేదు.

సరిగ్గా ఇక్కడే పాత పద్ధతి చేతులెత్తేస్తుంది. మామూలు ప్రోగ్రామ్‌లో దారి ముందే రాసి ఉంటుంది. బటన్ నొక్కితే ఈ పని, లేకపోతే ఆ పని. తప్పు జరిగితే కోడ్ తెరిచి ఏ దారిలో వెళ్లిందో చదువుకోవచ్చు. ఆ చాట్ వెనకున్నది అలాంటి ప్రోగ్రామ్ కాదు, ఏజెంట్. అంటే ఒక భాషా మోడల్, దాని చేతికిచ్చిన కొన్ని టూల్స్, రెంటినీ తిప్పే ఒక చిన్న చక్రం. ప్రయాణికుడి మాట మోడల్‌కు వెళుతుంది. మోడల్ అది చదివి 'ఫలానా టూల్‌ను ఫలానా వివరాలతో పిలవండి' అని రాసిస్తుంది. మోడల్ తనంతట తాను ఏ పనీ చెయ్యదు, చెయ్యమని రాస్తుందంతే. చుట్టూ ఉన్న ప్రోగ్రామ్ ఆ టూల్‌ను నడిపి, వచ్చిన ఫలితాన్ని సంభాషణ చివర తగిలించి మొత్తాన్ని మళ్లీ మోడల్‌కు పంపుతుంది. మోడల్ 'ఇక టూల్ అక్కర్లేదు, ఇదీ నా జవాబు' అనేదాకా ఇలా తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి ఏ టూల్ ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు అన్నది కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు. ఆ దారి ఆ పూట, ఆ మాటకు, అప్పటికప్పుడు పుడుతుంది. అదే మాట రేపు మళ్లీ టైపు చేస్తే వేరే దారి పట్టొచ్చు. పట్టిన దారిని పట్టినప్పుడే రాసిపెట్టుకోకపోతే తర్వాత తవ్వి తీయడానికి ఏమీ మిగలదు.

ఆస్పత్రిలో ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితానికీ, మంచం దగ్గర వేలాడే కేస్ షీట్‌కూ ఎంత తేడా ఉందో ఆలోచించండి. ఏ గంటకు ఏ మందు ఇచ్చారు, అప్పుడు జ్వరం ఎంతుంది, ఎవరు చెప్పగా ఇచ్చారు అన్నవి కేస్ షీట్‌లోనే ఉంటాయి. ఏజెంట్ ఆఖర్న ఇచ్చే జవాబు డిశ్చార్జి కాగితంలాంటిది. టీమ్‌కు కావలసింది రెండోది. దాన్నే ట్రేస్ అంటారు.

ఈ ఆలోచన ఏజెంట్లకంటే పాతది. గూగుల్‌లో ఒక్క వెతుకులాటకు వందల యంత్రాలు కలిసి పనిచేస్తాయి. వాటిలో ఏది ఆలస్యం చేసిందో తెలుసుకోవడానికి డాపర్ అనే ఏర్పాటు చేసుకున్నామని ఆ కంపెనీ ఇంజనీర్లు 2010లో ఒక పత్రం ప్రచురించారు. ప్రతి అభ్యర్థనకూ గుమ్మం దగ్గరే ఒక నంబరు వేస్తారు. అది ఎన్ని యంత్రాలు తిరిగినా ఆ నంబరు వెంటే వెళుతుంది. ప్రతి యంత్రం తాను చేసిన పనికి మొదలూ తుదీ సమయాలు వేసి ఒక చీటీ రాస్తుంది. ఆ చీటీ పేరు స్పాన్. ఒకే నంబరున్న స్పాన్లన్నీ ఒకచోట చేర్చితే వచ్చేది ట్రేస్. ప్రతి స్పాన్‌లోనూ తనను పిలిచిన స్పాన్ ఎవరో రాసి ఉంటుంది కనుక, చీటీలు ఏ వరసలో వచ్చి పడ్డా వంశవృక్షంలా అమర్చుకోవచ్చు. ట్విట్టర్ ఇదే దారిలో జిప్కిన్ తెచ్చింది. ఆ తర్వాత రెండు పోటీ ప్రమాణాలు కలిసిపోయి 2019లో ఓపెన్‌టెలిమెట్రీగా మారాయి. ఇప్పుడు చాలామంది వాడేది అదే. మోడల్ పిలుపులకూ టూల్ పిలుపులకూ ఏ పేర్లు పెట్టాలో కూడా అందులో ఒక పద్ధతి రూపుదిద్దుకుంటోంది. టూల్ పేరుకు `gen_ai.tool.name`, మోడల్‌లోకి వెళ్లిన టోకెన్ల సంఖ్యకు `gen_ai.usage.input_tokens`, ఇలా.

డాపర్ కాలంలో అడిగిన ప్రశ్న 'ఎక్కడ ఆలస్యమైంది' అన్నది. దానికి సమయాలు చాలు. ఏజెంట్ విషయంలో అడిగే ప్రశ్న 'ఎక్కడ దారి తప్పింది' అన్నది. దీనికి సమయాలు చాలవు. ప్రతి మెట్టు దగ్గరా లోపలికి ఏం వెళ్లింది, బయటికి ఏం వచ్చింది అన్నది అక్షరం పొల్లుపోకుండా కావాలి. టూల్ చీటీలో పేరు, ఇచ్చిన వివరాలు, తిరిగొచ్చిన ఫలితం, పట్టిన సమయం ఉండాలి. మోడల్ చీటీలో ఆ క్షణాన దాని కళ్లముందున్న సంభాషణ మొత్తం, చేతిలో ఉన్న టూల్స్ జాబితా, సూచనల పాఠం ఏ వెర్షన్, మోడల్ పూర్తి పేరు, చివరికి అది రాసిచ్చినదీ ఉండాలి. 'మోడల్ క్యాన్సిల్ చెయ్యాలని నిర్ణయించింది' అని ఒక్క ముక్క రాసి ఊరుకునే లాగ్‌లు చూస్తుంటాం. దానివల్ల లాభం సున్నా. ఏం చూసి ఆ నిర్ణయానికి వచ్చిందన్నదే మనకు కావాలి.

ఇప్పుడు ఆ రాత్రి ట్రేస్ తెరుద్దాం. ఏడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో మోడల్ ప్రయాణికుడి మాట చదివి, ఆయన ఫోన్ నంబరు మీదున్న బుకింగ్‌లు తెమ్మంది. రెండో మెట్టులో `find_bookings` రెండు బుకింగ్‌లు తెచ్చింది: మార్చి 13 రాత్రి రెండు సీట్లు, మార్చి 14 రాత్రి ఒక సీటు. మూడో మెట్టులో మోడల్ 'ఎల్లుండి అంటే ఏ తేదీయో తెలియాలంటే ఈరోజు తేదీ కావాలి' అని, తేదీ చెప్పే టూల్‌ను పిలవమంది. నాలుగో మెట్టు ఆ టూల్. అయిదో మెట్టులో మోడల్ 13వ తేదీ బుకింగ్‌ను రద్దు చెయ్యమని రాసింది. ఆరో మెట్టులో రద్దయింది. ఏడో మెట్టులో ప్రయాణికుడికి జవాబు రాసింది.

ట్రేస్ తెరవకముందు టీమ్‌లో తలో మాటా అనుకుని ఉంటారు. అందరికంటే ముందొచ్చే అనుమానం, మోడల్‌కు తెలుగు సరిగా రాదని. 'ఎల్లుండి'ని 'రేపు' అనుకుని ఉంటుంది, ఇంకో పెద్ద మోడల్‌కు మారదాం, లేదా సూచనల్లో తెలుగు పదాల పట్టిక చేర్చుదాం అంటారొకరు. వినడానికి సబబుగానే ఉంటుంది. రెండో అనుమానం, జాబితాలో ముందున్న బుకింగ్‌ను చూసీచూడకుండా పట్టుకుందని. మూడోది, మోడల్ సరిగ్గానే చెప్పినా క్యాన్సిలేషన్ సర్వీసు వేరే నంబరు రద్దు చేసిందని.

మూడో అనుమానం వెంటనే తేలిపోతుంది. అయిదో మెట్టులో మోడల్ రాసిన బుకింగ్ నంబరు, ఆరో మెట్టులో రద్దయిన నంబరు ఒకటే. క్యాన్సిలేషన్ సర్వీసు చెప్పిన పనే చేసింది. మొదటి రెండు అనుమానాల సంగతి తేలాలంటే మూడు నుంచి అయిదు మెట్లను దగ్గరగా చదవాలి. నాలుగో మెట్టు చీటీ ఇదీ:

```
{"span":"s4", "parent":"s0", "type":"tool",
 "name":"get_today", "args":{},
 "result":"2025-03-11",
 "start":"2025-03-11T20:40:06Z",
 "ms":3, "status":"ok"}
```

పైపైన చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. ఫలితంలోనూ 11వ తేదీ, మొదలైన సమయంలోనూ 11వ తేదీ. రెండూ కలిశాయి కదా అని కన్ను దాటిపోతుంది. ఆగి చూడాల్సింది సమయం చివరున్న `Z` అక్షరాన్ని. అది ప్రపంచ ప్రామాణిక సమయానికి గుర్తు. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. 20:40కి అయిదున్నర గంటలు కలిపితే అర్ధరాత్రి దాటి 2 గంటల 10 నిమిషాలవుతుంది. తేదీ 12. ప్రయాణికుడు ఉన్నది 12లో, సర్వర్ ఉన్నది 11లో.

ఇక అయిదో మెట్టు అర్థమైపోతుంది. మోడల్ చూసినదాని ప్రకారం ఈరోజు 11. ఎల్లుండి అంటే రెండు రోజులు కలపాలి. 13. ఆ తేదీకి ఒక బుకింగ్ ఉంది కూడా. దాని తెలుగు బాగుంది, కూడిక బాగుంది, ఎంపికా బాగుంది. తప్పు మోడల్‌ది కానే కాదు, మూడు మిల్లీసెకన్లలో పని ముగించి `ok` అని చెప్పిన ఆ చిన్న టూల్‌ది. పెద్ద మోడల్‌కు మారి ఉంటే ఖర్చు పెరిగేది, తప్పు అక్కడే ఉండేది.

సర్వర్లను ప్రపంచ సమయంలో నడపడం మంచి అలవాటే. అందరూ అదే చేస్తారు. చిక్కల్లా ఆ గడియారం తేదీని ప్రయాణికుడి తేదీగా మోడల్ చేతిలో పెట్టడంలో ఉంది. పైగా ఈ తప్పు పగలు కనబడదు. మనకు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకానే రెండు గడియారాల తేదీలూ వేరుగా ఉంటాయి. ఆఫీసులో కూర్చుని పగటిపూట ఎన్నిసార్లు పరీక్షించినా ఏజెంట్ సరిగ్గానే పనిచేస్తుంది. 'మా దగ్గర బాగానే వస్తోందండీ' అని టీమ్‌వాళ్లు నిజాయితీగానే అంటారు.

ఇక్కడ ఒక మాట. మూడో మెట్టులో మోడల్ 'ఈరోజు తేదీ కావాలి' అని రాసుకుంది కనుక కారణం తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. మోడల్ తన ఆలోచనగా రాసుకున్న మాటలను ట్రేస్‌లో ఉంచడం మంచిదే, అనుమానం ఎటు పోవాలో దారి చూపిస్తాయి. వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. 2023లో టర్పిన్, మరికొందరు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. మోడల్‌కు ఇచ్చే నమూనా ప్రశ్నలన్నిటిలో సరైన జవాబు ఎప్పుడూ మొదటి ఐచ్ఛికమే అయ్యేట్టు అమర్చారు. ఆ తర్వాత అడిగిన కొత్త ప్రశ్నల్లోనూ మోడల్ మొదటిదానివైపే మొగ్గింది. ఎందుకని వివరించేటప్పుడు మాత్రం ఆ అమరిక ఊసే ఎత్తలేదు, వేరే తర్కం చెప్పింది. అంటే మన ఉదాహరణలోనూ మోడల్ 'తేదీ చూసి ఎంచుకున్నాను' అని రాసి, నిజానికి జాబితాలో ముందున్నదాన్నే పట్టుకుని ఉండొచ్చు. 13వ తేదీ బుకింగ్ జాబితాలో మొదటే ఉంది మరి. రెండో అనుమానం ఇంకా బతికే ఉంది.

దాన్ని తేల్చడానికి ట్రేస్‌ను మళ్లీ నడుపుతారు. మొదటి నుంచీ కాదు, అనుమానమున్న మెట్టు నుంచి. అయిదో మెట్టు దగ్గర మోడల్ ముందున్న సంభాషణ మొత్తం చీటీలో ఉంది కదా. అందులో ఒక్క ముక్క మారుస్తారు: `2025-03-11` బదులు `2025-03-12`. మిగతాదంతా అలాగే ఉంచి మోడల్‌కు పంపుతారు. 14వ తేదీ బుకింగ్‌ను ఎంచుకుంటే కారణం తేదీయే. అప్పుడు కూడా 13నే పట్టుకుంటే జాబితా వరసను అనుమానించాలి. ఇంకో పరీక్షగా, తేదీ మార్చకుండా బుకింగ్‌ల వరస తారుమారు చేసి చూడొచ్చు.

ఒక్కసారి నడిపి తీర్పు చెప్పకూడదు. మోడల్‌లో యాదృచ్ఛికతను సున్నాకు తగ్గించినా ప్రతిసారీ అదే జవాబు వస్తుందన్న హామీ లేదు. సర్వర్ అవతల ఎవరెవరి అభ్యర్థనలతో మనది కలిపి లెక్కిస్తుందో దాన్నిబట్టి దశాంశ సంఖ్యల కూడిక వరస మారి, అంచున ఉన్న నిర్ణయం ఒక్కోసారి అటు మొగ్గొచ్చు. అందుకని రెండు రకాలుగానూ ఇరవయ్యేసిసార్లు నడుపుతారు. 11 పెడితే ఇరవైసార్లూ 13వ తేదీ బుకింగ్, 12 పెడితే ఇరవైసార్లూ 14వ తేదీ బుకింగ్ వస్తే ఇక వాదించడానికి ఏమీ లేదు. ఇలా మళ్లీ నడిపేటప్పుడు నిజమైన క్యాన్సిలేషన్ సర్వీసును తాకకుండా, పాత చీటీలోని ఫలితాన్నే టూల్ జవాబుగా ఇవ్వాలి. ఆ జాగ్రత్త మరిస్తే పరీక్ష పేరుతో ఆ ప్రయాణికుడి రెండో టికెట్ కూడా పోతుంది.

ఇంతవరకూ చెప్పింది ట్రేస్ నిక్షేపంగా ఉన్నప్పటి మాట. చాలాసార్లు ఉండదు.

ముందుగా తెగిపోయేది నంబరు. ఏజెంట్ ఒక సర్వీసులో, క్యాన్సిలేషన్ ఇంకో సర్వీసులో నడుస్తాయి. ఒకరి నంబరు ఇంకొకరికి తెలియాలంటే పిలుపుతోపాటు `traceparent` అనే ఒక వరస పంపాలి. అందులో 32 అక్షరాల ట్రేస్ నంబరు, 16 అక్షరాల స్పాన్ నంబరు ఉంటాయి. మధ్యలో ఒక క్యూ ఉండి, పనిని అందులో వేసేవాళ్లు ఆ వరసను వెంట పంపడం మరిచిపోతే, అవతలివైపు చీటీలు కొత్త నంబరుతో వేరే ట్రేస్‌గా పుడతాయి. చూసేవాళ్లకు ఏజెంట్ అయిదో మెట్టు దగ్గర ఆగిపోయినట్టూ, ఎవరూ పిలవకుండానే ఒక టికెట్ రద్దయినట్టూ కనిపిస్తుంది. తల్లి లేని స్పాన్లు ఎక్కువగా కనబడుతుంటే దారం ఎక్కడో తెగిందని గుర్తు.

తర్వాత కుదింపు. బుకింగ్‌ల జాబితా పెద్దదైతే మొదటి రెండువేల అక్షరాలే మోడల్‌కు పంపే ఏర్పాటు చాలా ఏజెంట్లలో ఉంటుంది. టూల్ తిరిగిచ్చింది వేరు, మోడల్ చూసింది వేరు. చీటీలో టూల్ ఇచ్చినదాన్ని మాత్రమే రాసుకుంటే 'జాబితాలో అంత స్పష్టంగా ఉంటే మోడల్‌కు ఎలా కనబడలేదు' అని పూటంతా తల బద్దలు కొట్టుకుంటారు. కనబడలేదు ఎందుకంటే చూపించలేదు కనుక. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. చోటు ఆదా చేద్దామని చీటీలోనే కోసేసి రాయడం. అప్పుడు మోడల్ చూసినది మనకు కనబడదు. రెంటినీ రాయాలి. ఒకటే అయితే ఒకసారి రాసి, రెండూ ఒకటేనని గుర్తు పెట్టినా చాలు.

చీటీలను ఒక్కొక్కటీ కాకుండా కట్టగట్టి పంపే అలవాటు వల్ల ఇంకో నష్టముంది. ఓపెన్‌టెలిమెట్రీలో మామూలుగా వాడే పద్ధతి చీటీలను పోగుచేసి, మనం మార్చకపోతే 5 సెకన్లకోసారి పంపుతుంది. ఏజెంట్ ప్రోగ్రామ్ మధ్యలో హఠాత్తుగా కూలిపోతే ఇంకా పంపని చీటీలు దానితోపాటే పోతాయి. పోయేవి ఆఖరి మెట్లే. అంటే మనకు అన్నిటికంటే కావలసినవి. మార్చలేని పనులకు, అంటే టికెట్ రద్దు, డబ్బు బదిలీ వంటివాటికి, పని మొదలుపెట్టకముందే ఒక చీటీ, అయ్యాక ఇంకొకటి వెంటనే డిస్కులో పడేట్టు చూసుకోవడం మేలు. మొదటిది ఉండి రెండోది లేకపోతే 'పిలుపు వెళ్లింది, ఏమైందో తెలియదు' అని తెలుస్తుంది. అలాంటప్పుడు ఏజెంట్ మళ్లీ ప్రయత్నించి ఉంటే రెండుసార్లు డబ్బు వెళ్లిందా అని చూసుకోవచ్చు.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏరివేత. రోజుకు లక్షల ట్రేస్‌లు దాచడం ఖర్చు. ఏజెంట్ ట్రేస్‌లు మరీ లావు, ఎందుకంటే ప్రతి మెట్టులోనూ అప్పటిదాకా జరిగిన సంభాషణంతా మళ్లీ మోడల్‌కు వెళుతుంది. అందుకని ఎర్రర్ వచ్చిన ట్రేస్‌లన్నీ ఉంచి, సవ్యంగా ముగిసినవాటిలో నూటికి ఒకటి ఉంచుదామంటారు. వెబ్‌సైట్లకు ఇది చక్కటి పద్ధతి. మన బస్సు టికెట్ ట్రేస్‌ను చూడండి: ఏడు మెట్లూ `ok`. ఈ నియమం కింద దానికి బతికే అవకాశం నూటికి ఒక పాలు. ఏజెంట్ తప్పుల్లో చాలా భాగం ఇలా నవ్వుతూ ముగిసేవే. కాబట్టి ఏరవలసింది ఎర్రర్‌ను బట్టి కాదు, చేసిన పనిని బట్టి. వెనక్కి తీసుకోలేని టూల్ ఏదైనా పిలిచిన ప్రతి ట్రేస్‌నూ ఉంచాలి. బస్సు సమయాలు అడిగి వెళ్లిపోయినవాళ్లవి పోయినా ఫరవాలేదు. లావు తగ్గించాలంటే ప్రతి మోడల్ చీటీలోనూ సంభాషణ మొత్తం కాకుండా, కిందటి మెట్టు తర్వాత కొత్తగా చేరినదాన్ని మాత్రమే రాసుకోవచ్చు. చదివేటప్పుడు వరసగా కలుపుకుంటే సరి.

ఇంత రాసి దాచుకుంటే అందులో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రయాణ వివరాలు పడతాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన దేశంలో వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకునే వీలు లేదు. మామూలుగా చేసేది, చీటీ రాయకముందే ఫోన్ నంబరు స్థానంలో ఒక మారుపేరు పెట్టడం. ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే మారుపేరు వచ్చేట్టు చూసుకుంటే మనిషి ఎవరో తెలియకుండానే చీటీలను కలపొచ్చు. ఈ పని చేసే సాధనాల్లో కొన్ని తేదీలను కూడా పుట్టినరోజులేమోనని వ్యక్తిగత సమాచారం కింద చెరిపేస్తాయి. అది ఆన్ చేసి ఉంటే మన ట్రేస్‌లో నాలుగో మెట్టు ఫలితం చోట నాలుగు చుక్కలుండేవి. మొత్తం కేసు అక్కడే ఆగిపోయేది. ఏది దాచాలో టూల్‌ను బట్టి, ఒక్కో ఫీల్డుకూ విడిగా నిర్ణయించుకోవాలి. సులువైన పని కాదు, తప్పించుకునే దారీ లేదు.

ఇక టీమ్ చేసే మరమ్మతు. `get_today` టూల్ ప్రయాణికుడి టైమ్‌జోన్ తీసుకుని, తేదీతోపాటు సమయం, వారం కూడా తిరిగిచ్చేట్టు మార్చారనుకుందాం. ఆ ట్రేస్‌నే ఒక పరీక్షగా మార్చి, గడియారాన్ని `2025-03-11T20:40:06Z` దగ్గర ఆపి, ఏజెంట్ 14వ తేదీ బుకింగ్‌ను ఎంచుకుంటుందో లేదో కోడ్ మారినప్పుడల్లా చూస్తారు. రాత్రి మాత్రమే కనబడే తప్పును పగలు పట్టుకునే ఏర్పాటన్నమాట.

ఇంతటితో అయిపోలేదు. ఆ ప్రయాణికుడు రాత్రి రెండింటిదాకా పడుకోలేదనుకోండి. ఆయన మనసులో ఇంకా 11వ తేదీయే నడుస్తుంటుంది. మనలో చాలామందికి నిద్రపోయి లేస్తేగాని రోజు మారదు. అలాంటి మనిషి ఎల్లుండి అంటే 13 అని కూడా కావచ్చు. ఈయన 14 అనుకున్నారు, ఇంకొకరు 13 అనుకుంటారు. గడియారం ఎంత సరిచేసినా ఈ సందేహం తీరదు. ట్రేస్ మళ్లీ చదివితే, రెండో మెట్టులోనే రెండు బుకింగ్‌లు పక్కపక్క తేదీల్లో కనబడ్డాయి. ఏ మెట్టులోనూ 'వీటిలో ఏది' అని అడగలేదు. ఏడో మెట్టు జవాబులో తేదీ కూడా లేదు, 'ఎల్లుండి టికెట్' అని ఆయన మాటనే ఆయనకు తిప్పి చెప్పింది. 'మార్చి 13, గురువారం రాత్రి, రెండు సీట్లు' అని ఉంటే ఆయన అప్పుడే గతుక్కుమని ఉండేవారు.

అందువల్ల రెండో మార్పు టూల్‌లోనే చెయ్యాలి. `cancel_booking` మొదటి పిలుపులో దేన్నీ రద్దు చెయ్యకుండా తేదీ, సీట్లు, పేర్లు, తిరిగొచ్చే సొమ్ము చూపించి ఒక సంకేతం ఇస్తుంది. ప్రయాణికుడు అవునన్నాక ఆ సంకేతంతో రెండోసారి పిలిస్తేనే రద్దవుతుంది. సూచనల్లో 'తప్పక అడుగు' అని మోడల్‌కు రాసిపెట్టడం కంటే ఇది గట్టిది, ఎందుకంటే మోడల్ మరిచిపోయినా టూల్ ఒప్పుకోదు.

చివరగా, ఫిర్యాదు చెయ్యనివాళ్ల సంగతి. దాచిన ట్రేస్‌లలో ప్రపంచ సమయం 18:30 నుంచి అర్ధరాత్రి లోపు మొదలై, `get_today`ను పిలిచి, ఆ తర్వాత `cancel_booking` విజయవంతమైనవాటిని వెతకాలి. వాటిలో ప్రయాణికుడి మాటలో 'ఈరోజు', 'రేపు', 'ఎల్లుండి' ఉన్నవాటిని మనిషి కూర్చుని చదవాలి. ఆ ఫోన్ నంబరు మీద ఒకే బుకింగ్ ఉన్నవాళ్ల సంగతి వేరు. లెక్క తప్పినా చాలామందికి ఏజెంట్ 'ఆ తేదీకి టికెట్ లేదు' అని చెప్పి ఉంటుంది, విసుక్కుని మళ్లీ ప్రయత్నించి ఉంటారు. పక్కపక్క రోజుల్లో రెండు బుకింగ్‌లున్నవాళ్ల జాబితా చిన్నదే అవుతుంది. వాళ్లలో ప్రయాణం ఇంకా జరగనివాళ్లకు ముందుగా ఫోన్ చెయ్యాలి.